నఫ్సు, కుల్లు, బదల్: అరబీలో వెనుక మాట ముందు మాటతో ఎలా కలుస్తుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

అరబీ వ్యాకరణంలో కొన్ని మాటలకు సొంత విభక్తి ఉండదు. ముందున్న నామవాచకం ఏ విభక్తిలో ఉంటే అవీ అందులోనే నిలుస్తాయి. వీటిని తవాబిఅ, అంటే వెంబడించేవి, అంటారు. ఇవి నాలుగు: విశేషణం (నఅత్), 'మరియు' వంటి మాటలతో కలిపేది (అత్ఫ్), నొక్కి చెప్పేది (తవ్‌కీద్), మారుగా వచ్చేది (బదల్). ఈ పేజీ చివరి రెండింటి గురించే. విద్యార్థులు ఎక్కువగా తడబడేది ఇక్కడే.

రాత గురించి ఒక మాట. అరబీ వాక్యాలను తెలుగు లిపిలో, మాట మాటకీ విడదీసి రాశాం. కలిపి చదివేటప్పుడు 'అల్'లోని అకారం పోతుంది. విభక్తులు మూడు: రఫ్అ (మామూలుగా చివర ఉకారం), నస్బ్ (అకారం), జర్ (ఇకారం).

తవ్‌కీద్, బదల్ అంటే అసలేమిటి?

ఈ రెండు మాటలూ మనకు కొత్తవి కావు. ఆఫీసు నుంచి వచ్చే 'తాకీదు' ఈ తవ్‌కీదే. అరబీలో తవ్‌కీద్, తఅకీద్ అని రెండు రూపాలున్నాయి, రెండో రూపం ఉర్దూ మీదుగా తెలుగులోకి వచ్చింది. చెప్పిందాన్ని గట్టిపరచడం దాని అర్థం. ఉద్యోగి 'బదిలీ'లో ఉన్నది బదల్, ఒకదాని స్థానంలో ఇంకొకటి.

వ్యాకరణంలోనూ ఇవే అర్థాలు. "మేనేజరు వచ్చాడు" అంటే వినేవాడికి అనుమానం రావచ్చు: మేనేజరే వచ్చాడా, ఆయన మనిషి వచ్చాడా? ఆ అనుమానం తీర్చేది 'నఫ్సు' లేదా 'ఐను'. "విద్యార్థులు వచ్చారు" అంటే అందరూనా, చాలామందా? ఆ అనుమానం తీర్చేవి 'కుల్లు', 'జమీఉ'. ఇద్దరి విషయంలో ఆ పని 'కిలా', 'కిల్తా' చేస్తాయి. బదల్ చేసే పని వేరు. అక్కడ ముందు మాట ఒక మెట్టు మాత్రమే, చెప్పదలచుకున్న అసలు మాట వెనుక వస్తుంది.

నఫ్సు ముందు మాటతో ఎన్ని విషయాల్లో కలవాలి?

రెండు విషయాల్లో. ఆ రెండూ మాటలో వేర్వేరు చోట్ల కనిపిస్తాయి. 'నఫ్సుహు' అనే మాటను విడదీస్తే నఫ్స్ + ఉ + హు. మధ్యలో ఉన్న 'ఉ' విభక్తి, అది ముందు నామవాచకం విభక్తిని అనుసరిస్తుంది. చివర ఉన్న 'హు' సర్వనామం, అది ముందు నామవాచకం లింగ వచనాలను అనుసరిస్తుంది.

జాఅ అల్-ముదీరు నఫ్సుహు: మేనేజరే వచ్చాడు.
ఖాబల్తు అల్-ముదీర నఫ్సహు: మేనేజర్నే కలిశాను.
సల్లమ్తు అలా అల్-ముదీరి నఫ్సిహి: మేనేజరుకే సలాము చేశాను.

మేనేజరు స్త్రీ అయితే అల్-ముదీరతు నఫ్సుహా, అల్-ముదీరత నఫ్సహా, అల్-ముదీరతి నఫ్సిహా. మూడో పుంలింగ వాక్యంలో 'హు' కాస్తా 'హి' అయింది గమనించండి. అది విభక్తి మార్పు కాదు, ముందున్న ఇకారానికి ఒదిగిన ఉచ్చారణ మాత్రమే. విభక్తి చూడాలంటే సర్వనామానికి ముందున్న అచ్చునే చూడాలి. చాలామంది చివరి అక్షరం చూసి "నఫ్సహు అన్నారు కాబట్టి ఉకారం, కాబట్టి రఫ్అ" అని రాసేస్తారు. పొరపాటు మొదలయ్యేది అక్కడే.

తెలుగులో "మేనేజర్ని స్వయంగా కలిశాను" అంటే స్వయంగా వెళ్ళింది నేనా, స్వయంగా దొరికింది మేనేజరా అన్నది తేలదు. 'స్వయంగా' మారని మాట కాబట్టి ఎవరికైనా అంటుకుంటుంది. అరబీలో ఆ సందిగ్ధం ఉండదు. ఖాబల్తు అల్-ముదీర నఫ్సహు అంటే మేనేజరే, ఆయన మనిషి కాదు. ఖాబల్తు అల్-ముదీర బి-నఫ్సీ అంటే కలిసింది నేనే. అందుకే అనువదించేటప్పుడు 'స్వయంగా' అనే మాట కనిపించగానే, అది ఎవరి గురించో ముందు తేల్చుకుని ఆ తర్వాతే సర్వనామం పెట్టాలి.

'బి-నఫ్సిహి' అని కూడా చూశాం. అప్పుడు విభక్తి కలవనట్టేనా?

జాఅ అల్-ముదీరు బి-నఫ్సిహి సరైన వాక్యమే. నఫ్సు, ఐను అనే రెండు మాటలకు ముందు 'బి' చేర్చే వాడుక అరబీలో ఉంది. వ్యాకరణవేత్తలు దీన్ని అదనపు 'బా' అన్నారు. అది పైకి ఇకారం తెస్తుంది కానీ మాట స్థానం మారదు, పై వాక్యంలో నఫ్సు లెక్కకు రఫ్అలోనే ఉంది. కుల్లుకు ఈ వెసులుబాటు లేదు.

నఫ్సు, ఐను రెండూ కలిపి వాడితే నఫ్సు ముందు రావాలి: జాఅ అల్-ముదీరు నఫ్సుహు ఐనుహు. మధ్యలో 'వ' (మరియు) పెట్టకూడదు. మేనేజరుకూ నఫ్సుకూ మధ్య అసలే పెట్టకూడదు. పెడితే మేనేజరు ఒకరు, ఆయన నఫ్సు వేరొకటి అయిపోతాయి.

ఇద్దరో, చాలామందో ఉంటే నఫ్సు ఏమవుతుంది?

నఫ్సుకు బహువచనం 'అన్‌ఫుస్', ఐనుకు 'అఅయున్'. బహువచన నామవాచకం తర్వాత ఇవే రావాలి: అర్-రిజాలు అన్‌ఫుసుహుమ్, అన్-నిసాఉ అన్‌ఫుసుహున్న. ఇద్దరున్నప్పుడు కూడా బహువచనమే మేలు: అర్-రజులాని అన్‌ఫుసుహుమా. మాట బహువచనం, సర్వనామం ద్వివచనం. 'నఫ్సుహుమా', 'నఫ్సాహుమా' అనే రూపాలనూ వ్యాకరణాలు పేర్కొన్నాయి, కానీ అన్‌ఫుసుహుమాయే శిష్టం. పరీక్షలో రాసేవారు అన్‌ఫుసుహుమా రాయడం మంచిది.

చివరి శబ్దాలు కలవడం లేదు, అయినా వాక్యం సరైనదంటున్నారు. ఎందుకు?

ఈ ప్రశ్నకు జవాబు అర్థమైతే మిగతా పేజీలో సగం అర్థమైనట్టే. కలవాల్సింది విభక్తి, శబ్దం కాదు. ఒకే విభక్తిని అరబీ వేర్వేరు మాటల్లో వేర్వేరు గుర్తులతో చూపిస్తుంది. ముందు మాటది ఒక గుర్తు, వెనుక మాటది ఇంకొక గుర్తు కావచ్చు.

రఐతు అత్-తాలిబాతి కుల్లహున్న: విద్యార్థినులందరినీ చూశాను. 'ఆత్' చివర ఉన్న స్త్రీలింగ బహువచనానికి నస్బ్ గుర్తు ఇకారం. కుల్లు మామూలు మాట కాబట్టి దాని నస్బ్ గుర్తు అకారం. ముందు మాటలో ఇకారం విని 'కుల్లిహిన్న' అంటే తప్పు. మరర్తు బి-అత్-తాలిబాతి కుల్లిహిన్న (విద్యార్థినులందరి పక్కగా వెళ్ళాను) అన్నప్పుడే అది సరి, ఎందుకంటే అక్కడ నిజంగా జర్ ఉంది.

'ఊన, ఈన' బహువచనాలదీ ఇదే తీరు. హదర అల్-ముహందిసూన కుల్లుహుమ్ (ఇంజనీర్లందరూ హాజరయ్యారు) రఫ్అ. రఐతు అల్-ముహందిసీన కుల్లహుమ్ నస్బ్. సల్లమ్తు అలా అల్-ముహందిసీన కుల్లిహిమ్ జర్. నామవాచకం చివరి రెండు వాక్యాల్లో ఒకేలా ఉంది, తేడా చూపించేది కుల్లే. 'ముహందిసీన' నస్బో జరో తెలియనప్పుడు వెనుకనున్న కుల్లుని చూసి తేల్చుకోవచ్చు.

కుల్లు ముందు వస్తే ఒకటి, వెనుక వస్తే ఒకటా?

అవును. కుల్లు అత్-తుల్లాబి అన్నా, అత్-తుల్లాబు కుల్లుహుమ్ అన్నా తెలుగులో 'విద్యార్థులందరూ' అనే వస్తుంది. వ్యాకరణం మాత్రం తలకిందులవుతుంది. మొదటిదానిలో వాక్యం తనకు కావలసిన విభక్తిని కుల్లుకే ఇస్తుంది, విద్యార్థులు ఎప్పుడూ జర్‌లోనే ఉంటారు: జాఅ కుల్లు అత్-తుల్లాబి, రఐతు కుల్ల అత్-తుల్లాబి. సర్వనామం అక్కర్లేదు. ఇది తవ్‌కీద్ కాదు. రెండోదానిలో విభక్తి విద్యార్థులది, కుల్లు దాన్ని అరువు తెచ్చుకుంటుంది, సర్వనామం తప్పనిసరి. 'అత్-తుల్లాబు కుల్లు' అని సర్వనామం లేకుండా ఆపేయడం తెలుగువాళ్ళు తరచు చేసే తప్పు. మన 'అందరూ'లో అలాంటి సర్వనామం విడిగా కనబడదు, అందుకే చేతికి రాదు.

ముందు వచ్చే కుల్లు తర్వాత 'అల్' లేని ఏకవచనం ఉంటే అర్థం 'ప్రతి': కుల్లు తాలిబిన్, ప్రతి విద్యార్థి. నఫ్సు ముందు వస్తే ఇప్పటి పత్రికల అరబీలో 'అదే' అనే అర్థం: ఫీ నఫ్సి అల్-యౌమి, అదే రోజున.

ఇంకొక షరతు ఉంది. కుల్లు వాడాలంటే భాగాలుగా విడగొట్టగలిగిన వస్తువో గుంపో ఉండాలి. ఖరఅతు అల్-కితాబ కుల్లహు (పుస్తకమంతా చదివాను) బాగుంది, పుస్తకం సగం చదవడం సాధ్యమే. 'జాఅ జైదున్ కుల్లుహు' కుదరదు, జైదు సగం రాలేడు.

ఒక్క అచ్చు మారితే తవ్‌కీద్ కాకుండా పోతుందా?

పోతుంది. దీనికి ఖురాన్ పఠన సంప్రదాయంలోనే ఉదాహరణ ఉంది. మూడో సూరా 154వ ఆయతులో మన దేశంలో అందరూ చదివే హఫ్స్ పఠనం ఇలా ఉంటుంది: ఇన్న అల్-అమ్ర కుల్లహు లిల్లాహి. 'ఇన్న' తర్వాతి నామవాచకం నస్బ్‌లో ఉంటుంది, కాబట్టి అల్-అమ్ర. కుల్లహు దాన్ని అనుసరించింది, తవ్‌కీద్. 'లిల్లాహి' ఇన్నకు విధేయం. "నిశ్చయంగా వ్యవహారమంతా అల్లాహ్‌దే."

బస్రాకు చెందిన అబూ అమ్ర్ పఠనంలో అదే చోట 'కుల్లుహు' అని ఉంది. ముందున్న అల్-అమ్ర నస్బ్‌లోనే ఉంది, వెనుకనున్న కుల్లు రఫ్అలో ఉంది. విభక్తి కలవలేదు కాబట్టి అది తవ్‌కీద్ కాదు. అక్కడ కుల్లుహు కొత్త చిన్న వాక్యానికి ఉద్దేశ్యం, లిల్లాహి దాని విధేయం, ఆ చిన్న వాక్యం మొత్తం ఇన్నకు విధేయం. "నిశ్చయంగా వ్యవహారం, దాని మొత్తం అల్లాహ్‌దే." రెండూ ప్రామాణిక పఠనాలే, అర్థంలో తేడా లేదు. నిర్మాణం మాత్రం వేరు.

దీన్ని రాతకు అన్వయించుకోండి. ఇన్న తర్వాత 'అత్-తుల్లాబ కుల్లుహుమ్ హాదిరూన' అని రాస్తే మాస్టారు కొట్టేయకపోవచ్చు. కానీ "కుల్లుహుమ్ ఏమిటి?" అని అడిగితే 'తవ్‌కీద్' అని చెప్పకూడదు. తవ్‌కీద్ అనదలిస్తే కుల్లహుమ్ అనే రాయాలి.

కుల్లుహుమ్ ఎప్పుడు, కుల్లుహా ఎప్పుడు?

మనుషుల బహువచనానికి హుమ్ (పురుషులు లేదా కలగలుపు), హున్న (స్త్రీలు). వస్తువుల, జంతువుల బహువచనాన్ని అరబీ స్త్రీలింగ ఏకవచనంగా చూస్తుంది కాబట్టి హా: అల్-కుతుబు కుల్లుహా, పుస్తకాలన్నీ. తెలుగులో 'అందరూ, అన్నీ' అని మహత్తునూ అమహత్తునూ వేరు చేసినట్టే అనుకుంటే ఇది సులువుగా గుర్తుంటుంది.

ఇక్కడ క్రియను చూసి మోసపోకూడదు. పదిహేనో సూరా 30వ ఆయతు: ఫ-సజద అల్-మలాఇకతు కుల్లుహుమ్ అజ్మఊన, "దేవదూతలందరూ ఒక్కరూ మిగలకుండా సాష్టాంగపడ్డారు." క్రియ ముందొచ్చింది కాబట్టి ఏకవచనం. మలాఇక మాట చివర స్త్రీలింగ గుర్తు 'త'. అయినా తవ్‌కీద్ సర్వనామం హుమ్. సర్వనామం క్రియతోనూ, మాట ఆకారంతోనూ కాక, ఆ మాట సూచించే వారితో కలిసింది.

అదే ఆయతులో 'అజ్మఊన' కుల్లు తర్వాత వచ్చే రెండో గట్టింపు. దీనికి సర్వనామం ఉండదు, లింగ వచనాలను తన రూపంలోనే చూపిస్తుంది: అజ్మఉ, జమ్ఆఉ, అజ్మఊన, జుమఉ. గుంపును ఏకవచనంగా తీసుకుంటే మొదటి రెండూ, మనుషుల బహువచనానికి అజ్మఊన, స్త్రీల బహువచనానికి జుమఉ. ముందు కుల్లు రావడమే మామూలు, కానీ అదే సూరా 39వ ఆయతులో 'ల-ఉగ్వియన్నహుమ్ అజ్మఈన' అని కుల్లు లేకుండానే వచ్చింది. అక్కడ హుమ్ కర్మ కాబట్టి 'ఊన' కాస్తా 'ఈన' అయింది.

కిలా, కిల్తా ఎందుకు ఒకసారి మారి ఒకసారి మారవు?

వాటి వెనుక ఏముందో చూడండి. సర్వనామం ఉంటే అవి ద్వివచనంలా మారతాయి: జాఅ అర్-రజులాని కిలాహుమా, రఐతు అర్-రజులైని కిలైహిమా. స్త్రీలకు కిల్తాహుమా, కిల్తైహిమా. నస్బ్, జర్ రెండింటికీ 'ఐ' రూపమే. వెనుక సర్వనామం కాక నామవాచకం ఉంటే కిలా అర్-రజులైని, ఏ విభక్తిలోనైనా కిలానే. అది తవ్‌కీద్ కూడా కాదు. తవ్‌కీద్ అయ్యేది మొదటి రకమే, అక్కడ ఎప్పుడూ సర్వనామం ఉంటుంది కాబట్టి రూపం మారుతుంది.

'నేనే లేచాను' అనడానికి 'ఖుమ్తు నఫ్సీ' అంటే ఎందుకు తప్పు?

క్రియలో కలిసిపోయిన కర్తృ సర్వనామాన్ని నఫ్సుతోగానీ ఐనుతోగానీ నొక్కి చెప్పాలంటే, మధ్యలో విడి సర్వనామం రావాలి: ఖుమ్తు అనా నఫ్సీ, జిఅతుమ్ అన్‌తుమ్ అన్‌ఫుసుకుమ్. కారణం లేని నియమం కాదిది. నఫ్సుకు 'ప్రాణం' అనే అర్థం కూడా ఉంది. హిందున్ ఖరజత్ నఫ్సుహా అంటే "హింద్ తానే బయటికి వెళ్ళింది" అని మీరనుకున్నా, వినేవాడికి "హింద్ ప్రాణం పోయింది" అని వినిపించవచ్చు. ఖరజత్ హియ నఫ్సుహా అంటే ఆ భయం లేదు.

కర్మ సర్వనామానికి, 'బి' వంటి మాటల తర్వాతి సర్వనామానికి ఈ అవసరం లేదు: రఐతుహుమ్ అన్‌ఫుసహుమ్, మరర్తు బిహిమ్ అన్‌ఫుసిహిమ్. కుల్లుకు కర్తలోనూ అవసరం లేదు: జాఊ కుల్లుహుమ్ సరిపోతుంది, అపార్థానికి తావు లేదు కాబట్టి.

బదల్ దేనిలో కలవాలి?

విభక్తిలో తప్పనిసరిగా. 'అల్' ఉండడం లేకపోవడంలో కలవనక్కర్లేదు. తెలుగువారికి ఈ ఒక్క విభక్తి నియమమే కష్టం, ఎందుకో చూద్దాం. "మా అన్న రవి వచ్చాడు", "మా అన్న రవిని చూశాను". రెండో వాక్యంలో 'ని' ఒక్కసారే, చివరి మాటకే తగిలింది. "మా అన్నని రవిని" అనం. అరబీలో రెండింటికీ తగలాలి: జాఅ అఖూక జైదున్, రఐతు అఖాక జైదన్, మరర్తు బి-అఖీక జైదిన్. సంస్కృతం చదివినవారికి ఇది వింత కాదు, అక్కడా "రామం దశరథపుత్రం" అని రెండింటికీ ద్వితీయే వస్తుంది. తెలుగు అలవాటుతో రాస్తే మొదటి మాటనో రెండో మాటనో రఫ్అలో వదిలేస్తాం.

శబ్దం కాదు విభక్తి అన్న సూత్రం ఇక్కడ మరీ ముఖ్యం. "ఖలీఫా ఉమర్ బిన్ ఖత్తాబ్ కాలంలో" (ఆయన పాలన 634 నుంచి 644 దాకా) అనాలంటే: ఫీ అహ్‌ది అల్-ఖలీఫతి ఉమర బ్ని అల్-ఖత్తాబి. మాట మాటా చూద్దాం. అహ్‌ది 'ఫీ' వల్ల జర్. అల్-ఖలీఫతి షష్ఠీ సంబంధం వల్ల జర్. ఉమర దానికి బదల్, కాబట్టి జర్. మరి చివర అకారమేమిటి? ఉమర్ తన్వీన్, అంటే చివర 'న్' శబ్దం, పుచ్చుకోని పేర్లలో ఒకటి. అలాంటి పేర్లకు జర్ గుర్తు అకారమే. తర్వాతి 'ఇబ్ను' ఉమర్‌కు విశేషణం, అది మామూలు మాట కాబట్టి 'బ్ని' అని ఇకారంతో వచ్చింది. ఇ, అ, ఇ అని మూడు వరుస మాటల్లో అచ్చులు మారుతున్నా విభక్తి ఒక్కటే. ఖలీఫా మాట చివర స్త్రీలింగ గుర్తు ఉన్నా ఉమర్‌కు ఇబ్బంది లేదు, ఎందుకంటే బిరుదు సూచించేది పురుషుణ్ణే.

'రొట్టె అంతా తిన్నాను', 'రొట్టె సగం తిన్నాను': రెండూ ఒకటేనా?

అకల్తు అర్-రగీఫ కుల్లహు. అకల్తు అర్-రగీఫ నిస్ఫహు. విభక్తి అదే, సర్వనామం అదే, చోటు అదే. కానీ మొదటిది తవ్‌కీద్, రెండోది బదల్.

మొదటి వాక్యంలో కుల్లహు తీసేస్తే "రొట్టె తిన్నాను" మిగులుతుంది. చెప్పదలచుకున్నది అదే, కుల్లు దానికి బలం మాత్రమే. రెండో దానిలో నిస్ఫహు తీసేస్తే మిగిలే "రొట్టె తిన్నాను" నిజం కాదు. తిన్నది సగమే. సగం అనేదే అసలు మాట, రొట్టె దానికి మెట్టు. మొత్తం చెప్పి భాగానికి దిగే ఈ రకం పేరు 'బదల్ బఅద్ మిన్ కుల్'. నిస్ఫు (సగం), థులుథు (మూడో వంతు), బఅదు (కొంత) ఇలాగే వస్తాయి.

ఇంకో గుర్తు: తవ్‌కీద్ మాటలు లెక్కపెట్టగలిగినన్నే, పైన అన్నీ వచ్చాయి, వాటితో పాటు 'ఆమ్మతు' కూడా ఉంది. ఆ జాబితాలో లేని మాట సర్వనామంతో వెనుక వచ్చి, విభక్తిలో కలిసిందంటే అది బదల్ అయ్యే అవకాశమే ఎక్కువ.

బదల్‌లో సర్వనామం ఎప్పుడు ఉండాలి?

ముందు మాటా వెనుక మాటా ఒకే వ్యక్తి లేదా వస్తువు అయితే అక్కర్లేదు. అన్నా, జైదూ ఒకరే, ముడి వేయాల్సిన పని లేదు. భాగం చెప్పేటప్పుడు కావాలి. అలాగే ముందు మాటకు సంబంధించిన గుణాన్నో విషయాన్నో చెప్పే 'బదల్ ఇష్తిమాల్'లో కావాలి: అఅజబత్‌నీ అల్-మదీనతు హుదూఉహా, "ఊరు నాకు నచ్చింది, దాని నిశ్శబ్దం." ఇక్కడ 'హా' ఊరిని సూచిస్తుంది. హుదూఉ పుంలింగమే, అయినా సర్వనామం స్త్రీలింగం, ఎందుకంటే అది వెనక్కి చూసేది మదీనను. క్రియ కూడా మదీనతోనే కలిసింది. సర్వనామాన్ని బదల్ మాట లింగంతో కలపడం ఇక్కడ సాధారణంగా జరిగే తప్పు.

సర్వనామం బదల్ మాటకే అంటి ఉండాలని లేదు. రెండో సూరా 217వ ఆయతు: యస్అలూనక అని అష్-షహ్రి అల్-హరామి ఖితాలిన్ ఫీహి, "నిషిద్ధ మాసం గురించి, అందులో యుద్ధం చేయడం గురించి నిన్ను అడుగుతున్నారు." ఖితాలిన్ షహ్రికి బదల్, రెండూ జర్. ముడి వేసే సర్వనామం 'ఫీహి'లో ఉంది. మూడో సూరా 97వ ఆయతులో అన్-నాసి తర్వాతి 'మన్ ఇస్తతాఅ' (శక్తి ఉన్నవారు) భాగం చెప్పే బదల్. అక్కడ సర్వనామం పైకి కనబడదు, 'వారిలో' అని లోపల అనుకుంటారు.

'అల్' ఉన్నదానికి 'అల్' లేనిది బదల్ కావచ్చా?

కావచ్చు, పై ఆయతే సాక్ష్యం: అష్-షహ్రికి 'అల్' ఉంది, ఖితాలిన్‌కు లేదు. విశేషణం నుంచి బదల్‌ను వేరు చేసే గట్టి గుర్తు ఇదే. విశేషణం ఈ విషయంలో కలవకపోతే తప్పు. ఫాతిహాలో రెండూ పక్కపక్కనే ఉన్నాయి: ఇహ్దినా అస్-సిరాత అల్-ముస్తఖీమ, సిరాత అల్లజీన అన్అమ్త అలైహిమ్. అల్-ముస్తఖీమ విశేషణం, 'అల్'తో సహా కలిసింది. రెండో సిరాత బదల్. దానికి 'అల్' లేదు, అయినా తర్వాతి 'అల్లజీన' వల్ల నిర్దిష్టమైంది. రెండూ నస్బ్‌లో ఉన్నాయి కాబట్టి 'ఇహ్దినా' మళ్ళీ అనకుండానే "దారి చూపు, వారి దారి చూపు" అన్నట్టు వినిపిస్తుంది. బదల్ ముందు ఆ క్రియను ఊహించి పెట్టి చూడడం మంచి పరీక్ష.

తవ్‌కీద్ విషయంలో 'అల్' లేని మాటకు నఫ్సు, కుల్లు చేర్చకూడదని బస్రా వ్యాకరణవేత్తలు అన్నారు. కూఫా వారు నిర్ణీత కాలం, పరిమాణం ఉన్న మాటలకు ఒప్పుకున్నారు: సుమ్తు షహ్రన్ కుల్లహు, "నెలంతా ఉపవాసమున్నాను." నెలకు హద్దు ఉంది కాబట్టి కుల్లుకు అర్థం ఉంటుంది. హద్దు లేని 'కొంత కాలం' వంటి మాటకు మామూలుగా ఒప్పుకోరు.

'హాజా అర్-రజులు'లో రజులు కూడా బదలేనా?

చాలామంది అలాగే వివరిస్తారు. కొందరు విశేషణమంటారు. ఏదైనా విభక్తి నియమం ఒక్కటే. 'హాజా' రూపం మారదు కాబట్టి విభక్తి వెనుక మాటలోనే బయటపడుతుంది: రఐతు హాజా అర్-రజుల, మరర్తు బి-హాజా అర్-రజులి. హాజా మారలేదని రజులునూ రఫ్అలో వదిలేయకండి.

'జమీఅన్' అని తన్వీన్‌తో వస్తే?

అది తవ్‌కీద్ కాదు. జాఊ జమీఉహుమ్ తవ్‌కీద్, జాఊ జమీఅన్ మాత్రం 'హాల్', అంటే వచ్చిన తీరు చెప్పే మాట: అంతా కలిసి వచ్చారు. రెండో సూరా 38వ ఆయతులో 'ఇహ్‌బితూ మిన్‌హా జమీఅన్' ఇలాంటిదే. అక్కడ కర్త రఫ్అలో ఉంది, జమీఅన్ నస్బ్‌లో ఉంది, సర్వనామమూ లేదు.